ఈ సెమిస్టర్‌లో ఏ గేమ్ పూర్తవుతుంది?

పోయిన సెమిస్టర్ మొదట్లో ది విచర్ 3 మొదలుపెట్టాను. మిడ్ పరీక్షలకి ఆపేశాను. మూడు వారాల తర్వాత తెరిస్తే ఎవర్ని వెతుకుతున్నానో, ఏ బటన్ నొక్కితే ఏ మంత్రం పడుతుందో గుర్తులేదు. అక్కడితో వదిలేశా. తప్పు గేమ్‌ది కాదు, నా లెక్కది.

ఆ లెక్కకి పనికొచ్చే సైట్ HowLongToBeat. గేమ్ పూర్తి చేసినవాళ్లు తమకు పట్టిన సమయాన్ని అందులో నమోదు చేస్తారు. Main Story అంటే కథ ముగిసేవరకు. Main + Extras అంటే కథతో పాటు కొన్ని అదనపు పనులు. Completionist అంటే ఏదీ వదలకుండా. విచర్ 3కి ఇవి సుమారు 50, 100, 170 గంటలు.

ఆ అంకెల్ని ఉన్నవున్నట్టు తీసుకోకూడదు. ముందు మీ వేగం చూసుకోండి. పోర్టల్ 2కి అక్కడ దాదాపు ఎనిమిదిన్నర గంటలు ఉంటే నాకు 11 పట్టింది. అంటే నా గుణకం 1.3. ఆ లెక్కన విచర్ 3 కథ ఒక్కటే నాకు 65 గంటలు. క్లాసులు, ల్యాబ్ రికార్డులు పోగా వారానికి నాకు మిగిలేది 4 గంటలు. 65ని 4తో భాగిస్తే 16 వారాల పైనే, అంటే సెమిస్టర్ మొత్తం! పోర్టల్ 2 అయితే మూడు వారాల్లో, మిడ్ రాకముందే అయిపోతుంది.

ఇక 50కీ 170కీ మధ్య ఉన్న 120 గంటల్లో ఏముంది? తేడా ఎక్కువైతే సరుకు ఎక్కువని కాదు. విచర్ 3లో చాలా సైడ్ క్వెస్టులకి సొంత కథ, సొంత మనుషులు ఉంటారు. అవి ఆడాల్సినవే. కానీ స్కెల్లిగే దీవుల చుట్టూ సముద్రంలో బోలెడు ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. పడవేసుకుని వెళ్తే ఎక్కువగా దొరికేవి దొంగరవాణా సరుకు దాచిన మూటలే. కథ అంగుళం కదలదు. నా పరీక్ష ఇదీ: ఒకే రకం పని మూడోసారి చేస్తున్నప్పుడు కొత్త విషయం ఏమైనా తెలిసిందా, లేక మ్యాప్ మీద గుర్తు చెరిగిపోయిందా? రెండోదైతే అక్కడే ఆపేస్తా.

ఒక జాగ్రత్త. కొత్తగా వచ్చిన గేమ్‌కి నమోదులు పదో పాతికో ఉంటే ఆ అంకెని నమ్మొద్దు. ముందుగా ముగించేది తొందరగా ఆడేవాళ్లే కదా. నమోదులు పెరిగాక సగటు కన్నా మీడియన్ చూడండి. ఒకరిద్దరి వింత సమయాలు దాన్ని పెద్దగా లాగలేవు.

వేసవి సెలవుల్లో రోజుకు 3 గంటలు కుదిరితే విచర్ 3 కథ నాకు 22 రోజులు. ఈసారి సముద్రంలోకి మాత్రం దిగను.