మిల్టన్ తిమింగిలం, నా మూడు మార్కులు

పోయిన టెర్మ్ పరీక్షలో ఇంగ్లీషు పేపరుకు ‘ప్యారడైజ్ లాస్ట్’ (1667) మొదటి భాగం నుంచి రెండు పాసేజీలు ఇచ్చారు. ఒకటి ఆరంభంలోని ప్రార్థన, రెండోది సైతానును లెవయతన్ అనే సముద్రజంతువుతో పోల్చిన ఘట్టం. మొదటిదానికి "ఇది దేవతాస్తుతి" అనీ, రెండోదానికి "సైతాను చాలా పెద్దవాడు" అనీ రాసి వచ్చాను. పదికి మూడు! మార్కులు ఎక్కడ పోయాయో చూద్దామని సెలవుల్లో పుస్తకం ఇంటికి పట్టుకుపోయాను.

ప్రార్థనలో ముందు క్రియ ఎక్కడుందో వెతకాలి. మొదటి వాక్యమే 16 పంక్తులు. "పాడు" అనే మాట ఆరో పంక్తికి గాని రాదు. ఆ లోపలే తొలి మనిషి ఆజ్ఞ మీరడం, పండు, చావు, ఏదెను పోవడం, మళ్ళీ దక్కడం అన్నీ చెప్పేశాడు. క్రియ చివర రావడం తెలుగువాళ్ళకు మామూలే గనుక మనం గమనించం. ఇంగ్లీషులో అది కావాలని చేసిన పని. ఇక పిలిచింది ఎవరిని? పేరు గ్రీకుల కవితాదేవతదే. కాని ఆమెను మోషేకు ప్రబోధం కలిగిన హోరేబు, సీనాయి కొండల మీద నిలబెట్టాడు. తన పాట గ్రీకు కవుల కొండను దాటి ఎగురుతుందన్నాడు. అంటే పిలుపులోనే పోటీ ఉంది. "స్తుతి" అని ఊరుకుంటే ఆ పోటీ జారిపోతుంది.

ఉపమానం సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. మంటల మడుగులో పడి ఉన్న సైతాను ఎంతవాడో చెప్పడం కొన్ని పంక్తుల్లోనే అయిపోతుంది. నేను అక్కడే ఆగాను. కవి మాత్రం ఆగడు. ఆ జంతువు నార్వే సముద్రంలో నిద్రపోతోంది. చీకట్లో దారి తప్పిన చిన్న పడవవాడు దాన్ని ద్వీపమనుకొని, పొలుసుల చర్మంలో లంగరు దించి, గాలి తగలని పక్కన తెల్లవారేదాకా ఉండిపోతాడు. అంతే, అది మునిగిందో లేదో చెప్పడు. పాత జంతుకథల్లోనైతే అది మునిగి నావికుల్ని ముంచుతుంది.

అందుచేత నేనిప్పుడు పరిమాణాన్ని తీసివేసి మిగిలింది చూస్తాను. ఇక్కడ మిగిలింది మోసం: నేలలాగా కనిపించేది నేల కాదు. సైతాను కథలో ఇంకా ఎవరినీ మోసగించక ముందే కవి మనకు ఆ సంగతి అందించాడు. అలాగని పడవవాడే ఆదాము, నార్వే ఫలానా అని ప్రతి ముక్కకూ జత కడితే దిద్దేవారు కొట్టేస్తారు.

అదే భాగం చివర పిశాచాలను వసంతంలో తేనెటీగలతో పోల్చాడు. మా గట్టు మీద చింతచెట్టుకు పట్టిన పట్టును చూసినవాణ్ణి గనుక "లెక్కలేనంతమంది" అనుకున్నాను. కాని ఆ వెంటనే పిశాచాలు సభలో పట్టడానికి మరుగుజ్జులవుతాయి. అంటే ఈగల పోలిక సంఖ్యకే కాదు, ముందుగానే వాటిని చిన్నవి చేయడానికి కూడా. పాసేజీని ఈగల దగ్గరే తెంపి ఇస్తే, తరువాతి పంక్తులు గుర్తున్నవాడికే ఆ మార్కు.