లాక్ స్క్రీన్ మీద పేరు కూడా కనబడకూడదు

ఆసుపత్రిలో కౌన్సెలరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పటికీ తెలిసినవాళ్ల పిల్లలు వచ్చి కూర్చుని మాట్లాడుతుంటారు. ఇంట్లో చెప్పకుండా వైద్యం చేయించుకుంటున్నవాళ్లు, ఉద్యోగం మారే ప్రయత్నంలో ఉన్నవాళ్లు, లాయరును కలిసి వచ్చిన ఆడపిల్లలు. వీళ్ల రహస్యాలు చాలావరకు ఎవరో చెప్పడం వల్ల బయటపడినవి కావు. హాల్లో చార్జింగుకు పెట్టిన ఫోను ఒక్కసారి వెలిగింది, పక్కనున్నవాళ్ల కళ్లు అటు పడ్డాయి, అంతే. అలాంటివాళ్లతో కూర్చుని సెట్టింగులు మార్చి చూసి నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

1. మెసేజి దాచి పేరు వదిలేస్తే ఏమీ దాచనట్టే.

పూర్వం ఇంటికి కవరు వచ్చేది. అంటించిన కవరే, ఎవరూ చింపి చదివేవాళ్లు కాదు. కానీ మూలన ‘ఫ్రమ్’ దగ్గర కోర్టు ముద్రో, క్షయ ఆసుపత్రి ముద్రో ఉంటే లోపలి కాగితంతో పనేముంది? ఫోనులోనూ అంతే. నోటిఫికేషన్లో మూడు సంగతులుంటాయి: ఏ యాప్, ఎవరు పంపారు, ఏం రాశారు. చాలామంది మూడోదాన్ని దాచి నిశ్చింతగా ఉంటారు. ఇంట్లోవాళ్లకు కావలసింది రెండోది.

సిగ్నల్ యాప్‌లో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో దాని నోటిఫికేషన్ సెట్టింగుల్లో Name and message, Name only, No name or message అని మూడు మెట్లుంటాయి. మధ్య మెట్టు దగ్గర ఆగిపోకండి అని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

2. ఒక్క చోట ఆపేస్తే చాలదు. మెసేజి వచ్చే దారులన్నీ చూడాలి.

మా తమ్ముడి కూతురి సంగతి చెబుతాను, తన అనుమతితోనే. హైదరాబాదులో అత్తవారింట్లో అందరూ కలిసే ఉంటారు. మొగుడూ పెళ్లాలిద్దరూ ఐవీఎఫ్ కోసం ఆసుపత్రికి వెళ్తున్నారు. నెల తప్పి, మూడు నెలలు నిండాకే ఇంట్లో చెబుదామని అనుకున్నారు. అది వాళ్ల ఇష్టం, వాళ్ల హక్కు.

తనది ఐఫోను. జాగ్రత్తపరురాలే. వాట్సాప్ సెట్టింగుల్లోకి వెళ్లి Notifications కింద Show Preview ఆపేసింది. ఒక మధ్యాహ్నం భోజనాల బల్ల మీద ఫోను ఉంది. అత్తగారు కంచాలు పెట్టడానికి దాన్ని పక్కకు జరపబోయారు. అదే క్షణంలో అది వెలిగింది. మెసేజి కనబడలేదు. ఫోనులో సేవ్ చేసుకున్న పేరు మాత్రం కనబడింది: ‘ఐవీఎఫ్ సిస్టర్’. ఆవిడ ఒక్క ముక్క చదవలేదు, అయినా సాయంత్రానికి ఇంట్లో అందరికీ తెలిసిపోయింది.

“ప్రివ్యూ ఆపేశాను కదత్తా, మళ్లీ ఎలా కనబడింది?” అని ఏడ్చింది. ఆ స్విచ్చి చేసే పనే అంత తల్లీ అన్నాను. వాట్సాప్‌లో ప్రివ్యూ ఆపితే పోయేది రాత మాత్రమే, పంపినవాళ్ల పేరు పోదు.

తర్వాత ఇద్దరం కూర్చుని ఒక్కో దారీ మూసుకుంటూ వచ్చాం. మొదట ఫోను Settings, అందులో Notifications, అందులో Show Previews. అక్కడ Always, When Unlocked, Never అని మూడుంటాయి. When Unlocked పెడితే ముఖం చూపించగానే రాత బయటికి వస్తుంది. బల్ల దగ్గర అత్తగారు పక్కనే ఉండగా తను ఫోను వైపు చూస్తే చాలు, ఇద్దరికీ కనబడుతుంది. అందుకే వాట్సాప్‌కూ మెసేజెస్‌కూ విడివిడిగా వెళ్లి Never పెట్టాం. మిగతా యాప్‌లకు When Unlocked చాలు.

ఇంతా చేశాక మామూలు ఎస్సెమ్మెస్ దగ్గర చిక్కొచ్చింది. ఐఫోను మెసేజెస్ యాప్ రాతను దాచినా పేరును దాచదు. ఆసుపత్రి పంపే అపాయింట్‌మెంట్ ఎస్సెమ్మెస్ మీద దాని పొట్టి పేరు అలాగే పడుతోంది. దీనికి ఒక్కటే మార్గం, అసలు లాక్ స్క్రీన్ మీదికే రానివ్వకపోవడం. Settings, Notifications, Messages లోకి వెళ్లి Lock Screen టిక్కు తీసేశాం. దానితోపాటు Notification Center టిక్కూ తీశాం. రెండోది చాలామంది మర్చిపోతారు. అది ఉంటే, లాక్‌లో ఉన్న ఫోను మీద వేలితో పైకి తోసినా పాతవన్నీ వరసగా కనబడతాయి. శబ్దం మాత్రం ఉంచాం. ఇంజెక్షన్ తేదీ మెసేజి దాటిపోతే వచ్చే నష్టం వేరే.

ఇక వాట్సాప్‌లో ఆ ఒక్క సంభాషణ. దాన్ని తెరిచి, పైన పేరు మీద నొక్కితే కింద Chat lock అని ఉంటుంది. 2023లో వచ్చింది ఇది. పెట్టాక ఆ సంభాషణ మామూలు జాబితాలోంచి వేరే అరలోకి పోతుంది. దాని నోటిఫికేషన్లో పేరూ ఉండదు, రాతా ఉండదు, వాట్సాప్‌కు మెసేజి వచ్చిందని మాత్రమే తెలుస్తుంది.

చివరగా కాంటాక్టు పేరు మార్చాం. ‘ఐవీఎఫ్ సిస్టర్’ బదులు కాలేజీ స్నేహితురాలిలా వినిపించే మామూలు పేరు. అన్ని సెట్టింగులూ తప్పినా ఇదొక్కటి కాస్తుంది. అసలు సేవ్ చేయకుండా వదిలేద్దామంది. వద్దన్నాను. ఆసుపత్రి వ్యాపార ఖాతా నుంచి పంపితే, సేవ్ చేయని చోట ఆ ఖాతా పేరే పడొచ్చు.

3. ఆండ్రాయిడ్‌లో పేరు దాచడం సులువు, కాకపోతే ముందు తాళం ఉండాలి.

Settings లో Notifications తెరిస్తే లాక్ స్క్రీన్ సంగతి అక్కడే ఉంటుంది. కంపెనీని బట్టి మాటలు మారతాయి. కొన్ని ఫోన్లలో Sensitive notifications అనే స్విచ్చి ఉంటుంది, దాన్ని ఆపాలి. శామ్‌సంగ్‌లో Lock screen notifications లోపల రాతను దాచమనే ఎంపిక ఉంటుంది. అది పెట్టాక యాప్ పేరు, కింద విషయం దాచామన్న ఒక వాక్యం తప్ప ఇంకేమీ కనబడదు. పంపినవాళ్ల పేరూ పోతుంది.

ఈ ఎంపిక మా ఫోనులో లేదని కొందరంటారు. చూస్తే వాళ్ల ఫోనుకు పిన్నూ ప్యాటర్నూ ఏదీ ఉండదు, వేలితో తోస్తే తెరుచుకునేదే. తాళమే లేనప్పుడు దాచడమన్నదానికి అర్థం లేదు కాబట్టి ఫోను ఆ ఎంపికే చూపించదు. ముందు పిన్ పెట్టండి.

ఇంకొకటి. ప్రతి నోటిఫికేషనూ ఎంత గోప్యమో యాప్ తయారుచేసినవాళ్లే ఆండ్రాయిడ్‌కు చెబుతారు. ఇది అందరూ చూడొచ్చని ఏదైనా యాప్ చెప్పుకుంటే, మీరు మొత్తంగా దాచమన్నా అది పూర్తిగా కనబడుతుంది. అలాంటిది దొరికితే ఆ యాప్ నోటిఫికేషన్ సెట్టింగుల్లోకే వెళ్లి లాక్ స్క్రీన్ మీద చూపించవద్దని విడిగా పెట్టాలి. యాప్ పేరే గుట్టు విప్పేదైతే, అంటే గర్భధారణ యాప్, ఉద్యోగాల యాప్ వంటివి, వాటికీ ఇదే మందు.

4. సెట్టింగు మార్చాక కళ్లారా చూసుకోవాలి.

సెట్టింగు పేరు ఒకటి చెబుతుంది, లాక్ స్క్రీన్ మీద ఇంకొకటి జరుగుతుంది. ఫోను లాక్ చేసి బల్ల మీద పెట్టండి. మీ ముఖం దానికి కనబడకుండా పక్కకు జరగండి, లేకపోతే అది మిమ్మల్ని గుర్తుపట్టి అన్నీ చూపించేస్తుంది. నమ్మకమైన మనిషి చేత ముందు ఎస్సెమ్మెస్, తర్వాత వాట్సాప్, తర్వాత మెయిల్ పంపించండి. ప్రతిసారీ వెలిగిన తెర మీద ఏముందో పైకి చదవండి. పేరు వినబడిందంటే ఆ దారి ఇంకా తెరిచే ఉంది. తర్వాత లాక్ తీయకుండానే పైనుంచి కిందికి, కిందనుంచి పైకి లాగి చూడండి.

చేతి గడియారాన్ని మరవకండి. ఫోను లాక్‌లో ఉంటే మెసేజి మణికట్టు మీదికి వస్తుంది. యాపిల్ వాచీ అయితే ఫోనులోని వాచీ యాప్‌లో Notifications కింద Notification Privacy పెట్టండి, తట్టితే తప్ప వివరం రాదు. కారు తెరకు ఫోను కలిపితే పంపినవాళ్ల పేరు అక్కడ పడొచ్చు, పైకి చదివి కూడా వినిపించొచ్చు. అది కూడా ఒకసారి చూసుకోండి.

5. ఓటీపీల కోసమైనా దాచండి.

గుట్టు ఏమీ లేనివాళ్లకు ఈ పాఠం. ఫోను పోయింది, లాక్‌లోనే ఉంది కదా అనుకుంటారు. దొంగ ఇంకో ఫోనులో మీ ఖాతాకు పాస్‌వర్డ్ మర్చిపోయానని నొక్కుతాడు. ఓటీపీ మీ ఫోనుకే వస్తుంది, లాక్ స్క్రీన్ మీద అంకెలు చదువుకుంటాడు. మీ తాళం ముట్టుకోనే లేదు.

రాత దాస్తే ఈ దారి మూతపడుతుంది, కానీ పక్కనే ఇంకొకటుంది. సిమ్ తీసి వేరే ఫోనులో వేస్తే ఆ ఎస్సెమ్మెస్సులు అక్కడికి వస్తాయి. దానికి సిమ్‌కే పిన్ పెట్టాలి. కంపెనీ ఇచ్చిన మొదటి పిన్ తెలుసుకోకుండా ఊహించి కొట్టకండి, మూడుసార్లు తప్పితే సిమ్ బిగుసుకుంటుంది. అప్పుడు పీయూకే నంబరు కోసం కస్టమర్ కేర్‌కు ఫోను చేయాలి.

ఒక సంగతి గుర్తుంచుకోండి. ఇక్కడ చెప్పిన సెట్టింగులేవీ మోగుతున్న కాల్ మీద పేరును దాచవు. మా మేనకోడలికి కాంటాక్టు పేరు మార్చమన్నది అందుకు కూడా.

6. ఒక్కదాన్నే దాచితే అదే కంట్లో పడుతుంది.

అందరి మెసేజీలూ కనబడుతూ ఒక్కటి మాత్రం ముసుగు వేసుకుని వస్తే, ఇంట్లోవాళ్లు దాని గురించే అడుగుతారు. ఫోను మొత్తానికీ ఒకే పద్ధతి పెట్టండి. ఎందుకని అడిగితే ఓటీపీల భయమని చెప్పండి. అది అబద్ధం కాదు, అడిగినవాళ్లకూ పనికొచ్చే మాటే. మా మేనకోడలు అత్తగారి ఫోనుకు కూడా తనే పెట్టిచ్చింది.

కానీ డెబ్బై దాటినవాళ్ల ఫోన్లలో మొత్తం దాచమని నేను చెప్పను. వేలిముద్ర సరిగా పడక, పిన్ గుర్తుండక, మెసేజి తెరవలేని పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు కొడుకు పంపిన మాట తెర మీద కనబడటమే అవసరం. అక్కడ ఎస్సెమ్మెస్‌ల వరకు దాచి ఓటీపీలను కాపాడండి, వాట్సాప్‌ను అలాగే వదిలేయండి. రెండు పద్ధతులూ చూపించి, ఏది కావాలో వాళ్లనే అడగండి.