రాత్రిపూట గుండెల్లో మంట: చేయవలసినవి, చేయకూడనివి

మా బాబాయికి కిరాణా కొట్టుంది. రాత్రి తొమ్మిదిన్నరకు షట్టరు దించి ఇంటికొచ్చి, స్నానం చేసి, పదింటికి కంచం ముందు కూర్చునేవాడు. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి, ఏదో ఒక వేపుడు, చివర పెరుగన్నం. పదిన్నరకల్లా పడక. ఒంటిగంట అయ్యేసరికి పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్ని, దగ్గుతూ లేచేవాడు. "పగలంతా బాగానే ఉంటానురా, పడుకుంటేనే ఈ మంట" అనేవాడు.

ఎందుకంటే, అన్నవాహిక కడుపులో కలిసేచోట బిగుతుగా ఉండాల్సిన కండరం తిన్నాక అప్పుడప్పుడు వదులవుతుంది. పగలు ఆమ్లం పైకి వచ్చినా మనం కూర్చునో నిలబడో ఉంటాం కనుక తిరిగి కిందికి జారిపోతుంది. గుటక వేసినప్పుడల్లా దిగే ఉమ్మి మిగిలిన పులుపును కడిగేస్తుంది. నిద్రలో గొట్టం అడ్డంగా ఉంటుంది, గుటకలు బాగా తగ్గుతాయి, ఉమ్మి దాదాపు ఊరదు. అందుకే పైకొచ్చిన ఆమ్లం చాలాసేపు అక్కడే ఉండి కాలుస్తుంది. పైగా కడుపులో ఆమ్లం ఎక్కువగా ఊరేది రాత్రి పది నుంచి రెండు గంటల మధ్యే.

చేయవలసినవి

భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు ఎడం ఉంచండి. అన్నిటికన్నా ముందు మార్చాల్సింది ఇదే. నెయ్యి, వేపుళ్లు కడుపులోంచి ఆలస్యంగా దిగుతాయి కనుక వాటిని మధ్యాహ్నానికి మార్చుకోండి. బాబాయికి పిన్ని ఏడున్నరకే కొట్టుకు క్యారేజీ పంపడం మొదలుపెట్టింది. అందులో రెండు పుల్కాలు, సొరకాయ కూర, కాస్త మజ్జిగన్నం. ఇంటికొచ్చాక మంచినీళ్లు తప్ప ఏమీ లేదు.

ఎడమ పక్కకు తిరిగి పడుకోండి. కడుపు సంచి ఎడమవైపుకే ఉబ్బి ఉంటుంది. అటు తిరిగితే ఆమ్లం ఆ ఉబ్బులో అడుగుకు చేరి, గొట్టం మూతి దానికి పైన ఉంటుంది. కుడివైపు తిరిగితే మూతి ఆమ్లం మట్టానికి కిందికి పోతుంది. 2022లో నెదర్లాండ్స్ పరిశోధకులు నిద్రలో కొలిచి చూస్తే, ఎటు తిరిగినా ఆమ్లం పైకి రావడం ఇంచుమించు అన్నిసార్లే ఉంది. కానీ ఎడమవైపు తిరిగినప్పుడు అది చాలా త్వరగా కిందికి దిగిపోయింది. నిద్రలో దొర్లే అలవాటుంటే వీపు వెనక ఒక దిండు పెట్టుకోండి.

మంచం తలవైపు ఎత్తు చేయండి. తలవైపు రెండు కోళ్ల కింద ఆరు నుంచి ఎనిమిది అంగుళాల చెక్క దిమ్మెలు పెడితే చాలు. కోడు జారకుండా దిమ్మెలో చిన్న గుంట చెక్కించుకోండి. పెట్టె మంచమైతే నడుము దగ్గర మొదలై తల వరకూ ఏటవాలుగా లేచే గట్టి ఫోమ్ దిండు వాడండి.

చేయకూడనివి

తల కింద రెండు మూడు దిండ్లు పేర్చకండి. మెడ ఒంగి, నడుము మడతపడి, పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది. బాబాయి రెండు నెలలు చేసిన పొరపాటు ఇదే. మంట తగ్గకపోగా మెడనొప్పి తోడైంది. లుంగీ ముడి, లంగా బొందు బిగించి పడుకోవడం కూడా అలాంటిదే.

మంట రాగానే పాలు తాగకండి. తాగిన కాసేపు హాయిగా ఉంటుంది, తర్వాత పాలే మళ్లీ ఆమ్లాన్ని ఊరిస్తాయి. సోడా తాగితే తేన్పు వస్తుంది కానీ, గ్యాసు కడుపును సాగదీసి ఆ కండరాన్ని ఇంకా వదులు చేస్తుంది.

అన్నీ మానేసి పథ్యం పట్టకండి. కారం, పులుపు అందరికీ ఒకేలా పడవు. ఏం తిన్న రాత్రి లేచారో రెండు వారాలు రాసుకుంటే మీకు పడనివేవో తెలుస్తాయి. మద్యం, పొగ మాత్రం మానాల్సిందే.

పాంటోప్రజోల్ లాంటి మాత్రలు భోజనం చేశాక, పడుకునే ముందు వేసుకోకండి. అవి బాగా పనిచేయాలంటే భోజనానికి అరగంట ముందు పడాలి. డాక్టరును అడగకుండా నెలల తరబడి వాడకండి.

మూడు వారాలకు బాబాయి రాత్రిళ్లు లేవడం తగ్గింది. మొన్న ఒక పెళ్లిలో పదకొండింటికి భోంచేసి పడుకున్నాడు, మళ్లీ ఒంటిగంటకే లేచాడు.

ఇవన్నీ పాటించినా వారంలో రెండు మూడుసార్లు మంట వస్తుంటే డాక్టరుకు చూపించండి. ముద్ద గొంతులో అడ్డుపడుతున్నా, బరువు తగ్గుతున్నా, మలం తారులా నల్లగా వస్తున్నా ఇవి పాటించి చూద్దామని ఆగకండి. వాంతిలో రక్తం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి, చెమటలు పట్టి, ఆయాసం వచ్చి, నొప్పి చేతికో దవడకో పాకితే అది గ్యాసు అనుకుని తెల్లారేదాకా చూడకండి. ఆ క్షణమే 108కి ఫోన్ చేయండి.