కఫం రంగు మారితే ఏ మాత్ర వేయాలి?

ప్రశ్న: పలాస జీడి బట్టీలో పనిచేసిన మా నాన్నకు సీఓపీడీ. డాక్టరు గారు ముందుగానే ఇచ్చిన స్టెరాయిడ్, యాంటీబయాటిక్ మాత్రలు ఎప్పుడు వేయాలి?

జవాబు: మామూలు రోజున ఆయన కఫం ఏ రంగులో ఉంటుందో, ఎంత దూరం నడవగలరో ముందు కాగితంపై రాయండి. ఆయాసం పెరిగి, ఇన్‌హేలర్‌తో తగ్గకపోతే స్టెరాయిడ్ మొదలుపెట్టాలి. సాధారణంగా ప్రెడ్నిసొలోన్ రోజుకు 40 మి.గ్రా., ఉదయం టిఫిన్ తర్వాత, 5 రోజులు. దానితోపాటు కఫం పసుపుగానో ఆకుపచ్చగానో మారి, ఎక్కువగా పడుతుంటేనే యాంటీబయాటిక్ వేయండి.

మీ పలాస ఉన్న ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువ. అందుకే క్రియాటినిన్ పరీక్ష చూపించి, యాంటీబయాటిక్ మోతాదు ఆ కాగితంపైనే రాయించుకోండి. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ వద్దు.

మాత్ర మొదలుపెట్టిన రోజే డాక్టరు గారికి ఫోన్ చేయండి. 2 రోజుల్లో తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మాట పూర్తిచేయలేకపోయినా, పెదాలు నీలంగా మారినా, మగతగా ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయండి.