గిలాబు ఎందుకు పగిలింది?

పేట్ బషీరాబాద్‌లో ఒక ఇల్లు కడుతున్నారు. గోడలు లేచాయి. ఒక గదికి గిలాబు అయింది. రోజూ నీళ్లు కొట్టారు. అయినా పది రోజులకే గోడ మీద సన్న పగుళ్లు వచ్చాయి. గోరుతో గీకితే పొడి రాలింది.

"సిమెంటు తక్కువేసినవా మేస్త్రీ?" అని ఇంటామె అడిగింది.

"లేదమ్మా. ఇటుక కట్టుబడికి ఒక తట్ట సిమెంటుకు 6 తట్టల ఇసుక. గిలాబుకు 4 తట్టలే" అన్నాడు మేస్త్రి.

కొలత సరైనదే. ఇటుకల మధ్య మాలు గోడ బరువు కింద అణిగి ఉంటుంది. దానికి ఆ సిమెంటు చాలు. గిలాబు పలుచని పొర. జారకుండా గోడకు అతుక్కోవాలి. అందుకే దానికి సిమెంటు ఎక్కువ.

మాలు మోసే ఆమె ఇసుకను అరచేతిలో రుద్దింది. చేతికి ఎర్రగా అంటింది.

"గిండ్ల మన్నున్నది గదా!" అన్నది.

మట్టిని కడిగి ఇసుక అని అమ్మేవాళ్లున్నారు. చౌకగా వస్తుంది మరి!

మేస్త్రి గాజు సీసాలో ఇసుక పోశాడు. నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి కుదిపాడు. 3 గంటలు కదపలేదు. ఇసుక అడుగుకు దిగింది. దాని మీద మన్ను పేరుకుంది. 5 వేళ్ల ఎత్తు ఇసుక మీద మన్ను అర వేలు కూడా ఉండకూడదు. ఇక్కడ ఒక వేలుంది.

మన్ను ఇసుక రేణువులకు పూతలా అంటుకుంటుంది. సిమెంటును వాటికి అతకనివ్వదు. పైగా నీళ్లు ఎక్కువ తాగుతుంది. ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. అప్పుడే గిలాబు పగులుతుంది.

"ఇంకో తట్ట సిమెంటు కలుపుదామా?" అంది ఇంటామె.

"వద్దమ్మా. సిమెంటు ఎక్కువైతే ఇంకా పగుల్తది."

గిలాబు చెక్కేశారు. మేస్త్రి ఇటుకల సందుల్లో మేకుతో గీకి చూశాడు. అక్కడా అదే ఇసుక. మాలు పొడిపొడిగా రాలింది. ఆ వరుసలు విప్పి, కడిగిన ఇసుకతో మళ్లీ కట్టారు.