డ్రాప్‌డౌన్ ఎంచుకునేటప్పుడు అనువాదం వద్దు

మహాడీబీటీ స్కాలర్‌షిప్ దరఖాస్తును గైబీ నగర్ విద్యార్థులు బ్రౌజర్ అనువాదంతో తెలుగులో చదువుకోవచ్చు. ఎంపికలు మాత్రం అనువాదం తీసేశాకే చేయాలి.

డ్రాప్‌డౌన్‌లోని పేరు వెనుక సాధారణంగా ఒక కోడు ఉంటుంది. అనువాదం దాన్ని మార్చదు. కోడు లేనిచోట తెరపై కనిపించే మాటే సర్వరుకు పోతుంది. ఉదాహరణకు, మరాఠీలో ‘ఠాణే’ జిల్లా పేరే కాదు, పోలీసు ఠాణా కూడా. అది ‘స్టేషన్’గా మారితే మన జిల్లా జాబితాలో కనబడదు, లేదా ఆ మాటే దరఖాస్తులో చేరుతుంది.

అందుచేత ముందు తెలుగులో చదివి, ఏ గడిలో ఏమి కావాలో కాగితంపై రాసుకోండి. తర్వాత అడ్రస్ బార్‌లోని అనువాద గుర్తు నొక్కి మూలభాష ఎంచుకుని, పేజీని రీలోడ్ చేసి, అప్పుడు నింపడం మొదలుపెట్టండి. మధ్యలో రీలోడ్ చేస్తే సేవ్ చేయనివి పోతాయి. Submit నొక్కే ముందు జిల్లా, తాలూకా, కులం పేర్లను మీ సర్టిఫికెట్లతో సరిచూసుకోండి.