వెడల్పూ మాట్లాడుతుంది: మొజాయిక్ పటం చదవడం

మనకు అలవాటైన కమ్మీ చిత్రంలో ఎత్తు ఒక్కటే మాట్లాడుతుంది. కమ్మీని సన్నగా గీసినా లావుగా గీసినా అర్థం మారదు. మొజాయిక్ పటంలో అలా కాదు. అక్కడ ప్రతి పలకకూ వెడల్పు ఒక సంగతి చెబుతుంది, ఎత్తు మరో సంగతి చెబుతుంది, రెండూ కలిసిన వైశాల్యం మూడో సంగతి చెబుతుంది. 1981లో హార్టిగన్, క్లైనర్ అనే గణాంక శాస్త్రజ్ఞులు ఇటువంటి పటాలను ఈ పేరుతో పరిచయం చేశారు. చాలామంది దీన్నీ కమ్మీ చిత్రంలాగే ఎత్తులు మాత్రం చూసి వదిలేస్తారు. అలా వదిలేస్తే ఏం పోతుందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సేద్యం చేసే ఇంట్లో పుట్టినవాడికి ఈ మూడు కొలతలూ కొత్తవి కావు. రెండెకరాల చెక్కలో ఎకరాకు 30 బస్తాలు, అయిదెకరాల చెక్కలో ఎకరాకు 20 బస్తాలు పండాయనుకోండి. దిగుబడి చూస్తే చిన్న చెక్కదే పైచేయి. గాదెలోకి వచ్చిన ధాన్యం చూస్తే చిన్న చెక్క నుంచి 60 బస్తాలు, పెద్ద చెక్క నుంచి 100. ఎకరాలు వెడల్పు, దిగుబడి ఎత్తు, గాదెలో ధాన్యం వైశాల్యం. పటాన్ని ఇదే లెక్కలో చదవాలి.

ఇక అసలు ఉదాహరణకు వద్దాం. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ ఓడ అట్లాంటిక్ సముద్రంలో మునిగింది. ఎవరు బతికారు, ఎవరు పోయారు అన్న పట్టికను గణాంక పాఠాలలో తరచుగా వాడతారు. ఆ పట్టిక ప్రకారం ఓడలో ఉన్నవారు మొత్తం 2201 మంది. మొదటి తరగతిలో 325, రెండో తరగతిలో 285, మూడో తరగతిలో 706, ఓడ సిబ్బంది 885. వీరిలో బతికినవారు వరుసగా 203, 118, 178, 212.

ఒక గ్రాఫు కాగితం తీసుకోండి. అడ్డంగా 1 సెంటీమీటరుకు 100 మంది చొప్పున నాలుగు నిలువు పట్టీలు గీయండి. వాటి వెడల్పులు 3.25, 2.85, 7.06, 8.85 సెం.మీ. వస్తాయి. అన్ని పట్టీల ఎత్తూ 10 సెం.మీ., అంటే నూటికి నూరు. ఇప్పుడు ప్రతి పట్టీలోనూ అడుగు నుంచి బతికినవారి శాతం మేరకు రంగు వేయండి. మొదటి తరగతిలో రంగు 6.2 సెం.మీ. ఎత్తుకు లేస్తుంది. రెండో తరగతిలో 4.1, మూడో తరగతిలో 2.5, సిబ్బందిలో 2.4. రంగు వేసిన పలకలో ప్రతి చదరపు సెంటీమీటరూ 10 మంది మనుషులు.

రంగు పలకలలో అన్నింటికన్నా పెద్దది సిబ్బందిది. అన్నింటికన్నా పొట్టిదీ అదే. బతికినవారిలో అందరికంటే ఎక్కువమంది సిబ్బందే అన్న మాట నిజం, బతికే అవకాశం అందరికంటే తక్కువ సిబ్బందికే అన్న మాటా నిజం. మొదటిది వైశాల్యం చెప్పింది, రెండోది ఎత్తు చెప్పింది. ఎవరైనా ఈ రెంటిలో ఒక్కటే చెప్పి ఊరుకుంటే, రెండోది కూడా అడగాలి.

ఇంతవరకు సులువే. చిక్కు ఇప్పుడు వస్తుంది. మూడో తరగతిని, సిబ్బందిని పక్కపక్కన పెట్టి చూడండి. మూడో తరగతిలో నూటికి 25.2 మంది, సిబ్బందిలో నూటికి 24 మంది బతికారు. మూడో తరగతివారి పరిస్థితి కొంచెం నయం అనిపిస్తుంది. ఇప్పుడు ఆ రెండు పట్టీలనూ మగవారు, ఆడవారు అని మళ్ళీ నిలువుగా చీలుద్దాం. మూడో తరగతిలో మగవారు 510, వారిలో బతికినవారు 88. ఆడవారు 196, బతికినవారు 90. సిబ్బందిలో మగవారు 862, బతికినవారు 192. ఆడవారు 23 మందే, వారిలో 20 మంది బతికారు.

శాతాలు కట్టి చూడండి. మగవారిలో మూడో తరగతికి 17.3, సిబ్బందికి 22.3. ఆడవారిలో మూడో తరగతికి 45.9, సిబ్బందికి 87. మగవారిలోనూ సిబ్బందే మెరుగు, ఆడవారిలోనూ సిబ్బందే మెరుగు. మరి కలిపితే సిబ్బంది ఎలా వెనకబడ్డారు? కూడికలో తప్పేమీ లేదు. దీన్ని సింప్సన్ విరోధాభాసం అంటారు. శాతాల పట్టిక ఎంతసేపు చూసినా ఇది మింగుడు పడదు. పటంలో మాత్రం కంటికే కనిపిస్తుంది, ఎందుకంటే జవాబు వెడల్పులో ఉంది.

చీల్చిన పట్టీలు చూడండి. మూడో తరగతిలో మగవారి పలక 5.10 సెం.మీ. వెడల్పు, 1.73 ఎత్తు. పక్కన ఆడవారిది 1.96 వెడల్పు, 4.59 ఎత్తు. సిబ్బందిలో మగవారిది 8.62 వెడల్పు, 2.23 ఎత్తు. ఆడవారిది 8.70 ఎత్తున లేచింది గాని వెడల్పు 0.23 సెం.మీ. మాత్రమే, పెన్సిల్ గీతకంటే కాస్త లావు. ఇప్పుడు మెరక చేనును చదును చేసినట్టు, ఎత్తుగా ఉన్న చోటి మట్టిని పట్టీ అంతా సమంగా పరుద్దాం. మూడో తరగతిలో మెరక వెడల్పయినది. అందులో 9 చదరపు సెంటీమీటర్ల మట్టి ఉంది. మగవారి వైపు 8.8 ఉంది. రెండూ కలిపి 17.8ని 7.06 వెడల్పున పరిస్తే మట్టం 2.52కు వస్తుంది. సిబ్బంది మెరక ఎంత ఎత్తయినా అందులో మట్టి 2 చదరపు సెంటీమీటర్లే. మగవారి వైపు ఉన్న 19.2తో కలిపి 21.2ని 8.85 వెడల్పున పరిస్తే 2.40 దగ్గర ఆగుతుంది.

అంటే మూడో తరగతి మొత్తం శాతాన్ని పైకి లేపింది అక్కడ ఆడవారు ఎక్కువగా ఉండడమే. ఓడలో ఆడవారిని, పిల్లలను ముందు పడవలెక్కించారు. మూడో తరగతిలో ఆడవారు నూటికి దాదాపు 28 మంది, సిబ్బందిలో ముగ్గురైనా లేరు. పట్టీ చీల్చకుండా "మూడో తరగతివారు సిబ్బంది కంటే నయంగా బయటపడ్డారు" అని రాస్తే అంకెలు సరైనవే గాని వాటి నుంచి తీసిన అర్థం తప్పు. మూడో తరగతి ఆడవారిలో సగానికి పైగా మునిగిపోయారన్న నిజం ఆ వాక్యం వెనక దాగిపోతుంది. మొదటి తరగతిలో 145 మంది ఆడవారుంటే పోయినవారు నలుగురే.

ఈ పటం చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. సన్నని పలక ఎత్తును చూసి తొందరపడకూడదు. సిబ్బందిలో ఆడవారు 23 మందే గనక ఒక్క మనిషి అటో ఇటో అయితే శాతం నాలుగు పైచిలుకు మారిపోతుంది. అదే సిబ్బందిలో మగవారి విషయంలో ఒక్కరు అటూ ఇటూ అయితే శాతంలో తేడా పదో వంతు. పలక వెడల్పే దాని ఎత్తును ఎంత నమ్మాలో చెబుతుంది. రెండో జాగ్రత్త, కారణం పటంలో వెతకకూడదు. మగ సిబ్బందికి మూడో తరగతి మగవారికంటే అవకాశం ఎక్కువగా ఉందని పటం చూపిస్తుంది. పడవలు నడపడానికి సిబ్బందిలో కొందరిని పడవల్లోకి పంపారన్న సంగతి ఓడ చరిత్ర చదివితేనే తెలుస్తుంది.

పరీక్షలో గాని పత్రికలో గాని ఇటువంటి పటం ఎదురైతే ముందు పట్టీలను దేన్నిబట్టి చీల్చారో చూడండి. తర్వాత వెడల్పు, ఆ తర్వాతే ఎత్తు చూడండి. రెండు పట్టీల ఎత్తులు దగ్గరదగ్గరగా ఉంటే వాటి లోపల ఎవరెవరు ఎంతెంత వెడల్పున ఉన్నారని అడగండి. 25.2కూ 24కూ మధ్య ఉన్న ఆ చిన్న తేడా వెనక 196 మంది ఆడవారున్నారు. వారిలో 106 మంది ఇంటికి చేరలేదు.